ఒక తీగ, 330 జీబీ: పీఎస్4 నుంచి పీఎస్5కి గేములూ సేవ్‌లూ మార్చిన కేసు

నేపథ్యం

పర్లాకిమిడి చుట్టుపక్కల కంప్యూటర్లూ గేమింగ్ కన్సోళ్లూ బాగుచేయడం నా పని. ఈ కేసు గజపతి జిల్లాలోని ఒక తెలుగు కుటుంబానిది. ఊరూ పేర్లూ చెప్పను. ఇద్దరు అన్నదమ్ములు. అన్న ఉద్యోగం చేస్తున్నాడు, తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు. ఇంట్లో ఉన్నది పీఎస్4 మొదటి మోడల్, 500 జీబీ డిస్క్‌ది, దాదాపు నిండిపోయింది. అన్న కొత్తగా పీఎస్5 కొన్నాడు, గేము డిస్కులు పెట్టుకునే మోడల్. పాతదాంట్లో ఉన్న గేములూ, ఆడి దాచుకున్న సేవ్‌లూ కొత్తదాంట్లోకి రావాలి.

అన్నకి ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అకౌంట్ ఉంది. గేములన్నీ దాని మీదే కొన్నాడు. తమ్ముడికి మాత్రం అకౌంట్ లేదు. పీఎస్4లో ఊరికే ఒక యూజర్ పేరు పెట్టుకుని ఆడుతున్నాడంతే. ఇది మొదట ఎవరికీ పెద్ద విషయంగా కనపడలేదు. చివర్లో ఇదే అసలు చిక్కయింది.

నాకు ఫోన్ వచ్చేటప్పటికి ఏం జరిగిందంటే

రెండు కన్సోళ్లనీ ఇంటి వైఫైకి కలిపి, పీఎస్5లో డేటా ట్రాన్స్‌ఫర్ మొదలుపెట్టారు. స్క్రీన్ మీద 30 గంటలకు పైగా పడుతుందని చూపించింది. సరే, రాత్రంతా నడవనిద్దామని వదిలేశారు. అర్ధరాత్రి కరెంటు పోయింది. తెల్లారి పీఎస్4 ఆన్ చేస్తే స్టోరేజ్ తనిఖీ చేస్తున్నానంటూ ఒక స్క్రీన్ వచ్చింది. అది చూసి తమ్ముడు హడలిపోయాడు. ఫోన్‌లో మొదటి మాటే, "అన్నా, నా ఫుట్‌బాల్ కెరీర్ పోయిందేటి? ఐదు సీజన్లు ఆడినాను!"

పోలేదు. ఈ ట్రాన్స్‌ఫర్ పేరుకే మార్పిడి, చేసేది కాపీ. పాత కన్సోల్‌లోంచి ఏదీ చెరిగిపోదు. మధ్యలో ఆగిపోతే కొత్తదాంట్లోకి రావాల్సింది రాదు, అంతే. ఆ తనిఖీ స్క్రీన్ కూడా కన్సోల్‌ని సరిగ్గా ఆఫ్ చేయకుండా కరెంటు పోయినప్పుడల్లా పీఎస్4 చూపించేదే. కానీ ఇంకోసారి 30 గంటలు కరెంటు నిలబడుతుందని నమ్ముకోవడం మన ఊళ్లలో అయ్యే పని కాదు. కాబట్టి ఆ సమయం తగ్గించే దారి వెతకాలి.

వెళ్లేముందు వేసుకున్న లెక్క

మార్చాల్సింది ఎంత, ఏ దారిలో ఎంతసేపు పడుతుందన్నది ముందు తేల్చుకుంటే సగం పని అయినట్టే. పీఎస్4లో దాదాపు 390 జీబీ గేములున్నాయి. అందులో రెండు గేములకి పీఎస్5 వెర్షన్ విడిగా ఉంది, వీళ్లకి అది ఉచితంగా వస్తుంది. ట్రాన్స్‌ఫర్ చేస్తే వచ్చేది పీఎస్4 వెర్షనే. పీఎస్5 వెర్షన్‌ని ఎలాగూ స్టోర్ నుంచి కొత్తగా దింపుకోవాలి. అప్పుడు ఆ పాత 60 జీబీని మోసుకెళ్లడం దండగ. అవి వదిలేస్తే మిగిలింది 330 జీబీ.

అసలు కాపీ ఎందుకు, మొత్తం ఇంటర్నెట్ నుంచే దింపుకోవచ్చు కదా అని అన్న అడిగాడు. వాళ్లది 40 ఎంబీపీఎస్ ప్లాన్. ఇక్కడ చాలామంది పొరబడేది బిట్ దగ్గరా బైట్ దగ్గరా. ఇంటర్నెట్ వాళ్లు చెప్పేది మెగాబిట్లు, గేము సైజు ఉండేది బైట్లలో. ఎనిమిదితో భాగిస్తే సెకనుకి 5 ఎంబీ. ఆ వేగంతో 330 జీబీ దిగడానికి 18 గంటలు పైనే. పైగా సేవ్‌లు ఆ దారిలో రావు. వాటిని క్లౌడ్‌లో దాచుకోవాలంటే ప్లేస్టేషన్ ప్లస్ సభ్యత్వం కావాలి, వీళ్లకి లేదు.

ఇంకో దారి ఉంది. పీఎస్4 గేములు యూఎస్‌బీ ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద ఉంటే, ఆ డిస్క్ తీసి పీఎస్5కి తగిలిస్తే చాలు, కాపీ చేసే పనే ఉండదు, గేములు అక్కడినుంచే నడుస్తాయి. అలాంటి డిస్క్ ఉన్నవాళ్లకి నేనెప్పుడూ ఇదే చెబుతాను. వీళ్ల దగ్గర లేదు. ఒక్కసారి పని కోసం కొత్త డిస్క్ కొనిపించడం నాకు ఇష్టం లేకపోయింది. రెండు కన్సోళ్లకీ వెనకాల గిగాబిట్ లాన్ పోర్టులున్నాయి. మొదట వాటినే వాడి చూడాలి.

వైఫై ఎందుకంత నెమ్మది

పీఎస్4 మొదటి మోడల్ వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్ దానికి తెలియదు. స్లిమ్, ప్రో మోడళ్లకే అది వచ్చింది. వీళ్ల రౌటర్ కూడా 2.4 ఒక్కటే ఇచ్చే రకం. అంటే పీఎస్4 పంపిన ప్రతి ముక్కా గాల్లో రౌటర్ దాకా వెళ్లి, మళ్లీ అదే ఛానల్‌లో గాల్లోనే పీఎస్5 దగ్గరికి రావాలి. ఒకే సరుకు ఒకే దారిలో రెండుసార్లు నడుస్తోందన్నమాట. దానికి తోడు పక్కిళ్ల వైఫైలు, గోడలు. సెకనుకి 3 ఎంబీ దగ్గర ఆగిపోవడంలో వింతేమీ లేదు. ఆ లెక్కన 330 జీబీకే 30 గంటలు దాటుతుంది.

పనిచేయని మొదటి ఏర్పాటు

రౌటర్ నుంచి రెండు కన్సోళ్లకీ లాన్ తీగలు వేశాం. రెండింటి నెట్‌వర్క్ సెట్టింగుల్లోనూ లాన్ కేబుల్ ఎంచుకున్నాం. పీఎస్5లో వెళ్లాల్సిన చోటు ఇది:

```
Settings > System > System Software > Data Transfer
```

రెండు కన్సోళ్లలోనూ అదే అకౌంట్‌తో సైన్ ఇన్ అయి ఉండాలి, పీఎస్4లో సాఫ్ట్‌వేర్ తాజాగా ఉండాలి. పీఎస్5 నెట్‌వర్క్‌లో పీఎస్4ని వెతికి పట్టుకుంటుంది. అప్పుడు పీఎస్4 పవర్ బటన్‌ని ఒక సెకను, బీప్ వినిపించేదాకా నొక్కి పట్టుకోమంటుంది. ఆ కన్సోల్ మన చేతి దగ్గరే ఉందని రుజువన్నమాట. తర్వాత ముందు సేవ్‌లు, ఆ పైన గేములు టిక్కు పెట్టుకోమని జాబితా ఇస్తుంది. అన్నీ ఎంచుకున్నాక, మొదలుపెట్టేముందు ఎంతసేపు పడుతుందో అంచనా చూపిస్తుంది.

ఈ అంచనా స్క్రీన్‌ని నేను మీటరులా వాడతాను. ఇక్కడిదాకా వచ్చి, అంకె చూసి, నచ్చకపోతే వెనక్కి వచ్చేయొచ్చు. ఏదీ కాపీ కాదు, ఏదీ పాడవదు. అంకె మరీ అక్షరసత్యం కాదు గానీ, గంటలా పూటలా అన్నది చెప్పేస్తుంది.

8 గంటలని చూపించింది. 30తో పోలిస్తే మంచిదే. కానీ ఆ 8 నాకు అనుమానం తెచ్చింది. 330 జీబీ 8 గంటల్లో అంటే సెకనుకి పదకొండున్నర ఎంబీ. 100 మెగాబిట్ లింకులో, దాని ఖర్చులు పోను, చేతికి దక్కేది సరిగ్గా అంతే. డిస్క్ నెమ్మదిగా ఉంటే ఏ ఇరవయ్యో నలభయ్యో వస్తుంది. పదకొండున్నర దగ్గర గీత గీసినట్టు ఆగిందంటే మధ్యలో ఎక్కడో 100 మెగాబిట్ ఉంది.

రౌటర్ తిరగేసి చూస్తే కింద స్టిక్కర్ మీద లాన్ పోర్టుల పక్కన 10/100 అని ఉంది. గిగాబిట్ రౌటర్ అయితే 10/100/1000 అని ఉండాలి. ఇంటర్నెట్ కనెక్షన్‌తో పాటు ఇచ్చే చవక రౌటర్లలో ఇది మామూలే. 40 ఎంబీపీఎస్ ప్లాన్‌కి 100 ఎక్కువే కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తెలిసిరాలేదు.

రౌటర్‌ని పక్కన పెట్టాక

రౌటర్ అడ్డమైతే దాన్ని తీసేయడమే. ఒకే తీగని పీఎస్4 వెనక ఒక కొస, పీఎస్5 వెనక ఒక కొస నేరుగా పెట్టొచ్చు. ఒకప్పుడు ఇలా రెండు యంత్రాలని నేరుగా కలపాలంటే క్రాసోవర్ తీగ అని వేరే రకం కావాల్సివచ్చేది. గిగాబిట్ పోర్టులు ఏ వైరు పంపేదో ఏది తీసుకునేదో వాటంతటవే సర్దుకుంటాయి, మామూలు తీగే సరిపోతుంది.

ఈ ఏర్పాటులో ఇంటర్నెట్ మాత్రం వైఫై నుంచే రావాలి. అకౌంట్ సరిచూసుకోవడానికి రెండు కన్సోళ్లకీ ఇంటర్నెట్ కావాలి, బరువు మోసేది తీగ. నేను తీగ పెడుతుండగా అన్న ఉత్సాహంగా పీఎస్4 సెట్టింగుల్లో లాన్ కేబుల్ ఎంపికని అలాగే ఉంచేశాడు. ఆ తీగకి అవతల ఉన్నది ఇంకో కన్సోలే, రౌటర్ కాదు. పీఎస్4కి ఇంటర్నెట్ పోయింది, సైన్ ఇన్ కాలేదు, ట్రాన్స్‌ఫర్ ముందుకు కదల్లేదు. నేరుగా తీగ పెట్టినవాళ్లకి సైన్ ఇన్ ఎర్రర్ వస్తే చూడాల్సిన మొదటి చోటు ఇదే. రెండింటినీ మళ్లీ ఒకే వైఫైకి మార్చి, తీగని అలాగే ఉంచితే పీఎస్5కి పీఎస్4 కనపడింది.

అంచనా స్క్రీన్ దాకా వెళ్లాం. మళ్లీ 8 గంటలే.

ఇక్కడ తొందరపడి పీఎస్4 పోర్టు పోయిందనో, డిస్క్ ముసలిదైపోయిందనో అనేసుకోవచ్చు. కానీ అంకె మారలేదన్నదే పెద్ద ఆధారం. రౌటర్ ఉన్నప్పుడూ 8, రౌటర్ తీసేసినా 8. రెండు ఏర్పాట్లలోనూ మారకుండా ఉన్నవి కన్సోళ్లూ, తీగా. పదకొండున్నర ఎంబీ అనేది డిస్క్ లక్షణం కాదని ముందే అనుకున్నాం. మిగిలింది పోర్టో తీగో.

తీగ కొసన ఉన్న ప్లాస్టిక్ క్లిప్పు పారదర్శకంగా ఉంటుంది. దాన్ని దీపం కింద పెట్టి చూశాను. ఎనిమిది గాడులుంటే నాలుగింటిలోనే రంగు వైర్లున్నాయి: ఒకటి, రెండు, మూడు, ఆరు. మిగతా నాలుగూ ఖాళీ. 100 మెగాబిట్‌కి రెండు జతలు, అంటే ఈ నాలుగు వైర్లు చాలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. ఆ మిగతా రెండు జతల్లో ఒకటి లేకపోయినా పోర్టులు గొడవ చేయవు, ఎర్రర్ చూపించవు. చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. "ఇది ఎక్కడిదండీ?" అంటే, "మా వీధి కేబుల్ కుర్రాడు కోసి, క్లిప్పులు కొట్టి ఇచ్చాడు బాబూ" అన్నాడు వాళ్ల నాన్నగారు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. రౌటరే 100 అయినప్పుడు నాలుగు వైర్లతో కానిచ్చేయడం వాళ్లకి అలవాటు.

కన్సోల్ తెరిచేముందు పోర్టుని కూడా తేల్చుకోవాలనిపించింది. నా ల్యాప్‌టాప్‌కి గిగాబిట్ పోర్టుంది. ఆ తీగతోనే ల్యాప్‌టాప్‌ని పీఎస్4కి కలిపి, విండోస్ పవర్‌షెల్‌లో ఇది కొట్టాను:

```
Get-NetAdapter | Select-Object Name, LinkSpeed
```

100 Mbps అని వచ్చింది. నా సంచిలో ఉన్న ఎనిమిది వైర్ల క్యాట్5ఇ తీగ పెట్టి మళ్లీ కొడితే 1 Gbps. పీఎస్4 పోర్టు బాగానే ఉందన్నమాట. పీఎస్5తోనూ ఇలాగే చూశాను, అదీ బాగానే ఉంది. ఈ పరీక్షకి ల్యాప్‌టాప్‌లో గిగాబిట్ పోర్టు ఉందని ముందే తెలిసి ఉండాలి. చవక ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి 100 పోర్టే పెడతారు, అప్పుడు ఏ తీగ పెట్టినా 100 అనే చెబుతుంది.

పనిచేసింది, ఎంత వేగంగా

ఎనిమిది వైర్ల తీగతో అంచనా గంటన్నర దగ్గరికి దిగింది. రెండు కన్సోళ్లనీ వాళ్ల ఇన్వర్టర్ లైను మీదికి మార్చి మొదలుపెట్టాం. మొదటి దశలో రెండూ మన మాట వినవు, స్క్రీన్ చూస్తూ కూర్చోవడమే. ఆ దశ అయ్యాక పీఎస్5 రీస్టార్ట్ అవుతుంది, మిగతా గేములు వెనకాల కాపీ అవుతుంటాయి. అప్పుడు పీఎస్5 వాడుకోవచ్చు, పీఎస్4ని మాత్రం మొత్తం అయ్యేదాకా ముట్టుకోకూడదు. తీగ లాగకూడదు.

మొత్తం గంట ముప్పావు లోపే అయిపోయింది. లెక్కేస్తే సెకనుకి 55 ఎంబీ పైచిలుకు. అన్న ఫోన్‌లో గిగాబిట్ గురించి చదివాడు కాబట్టి అడిగాడు: గిగాబిట్ అంటే సెకనుకి 125 ఎంబీ కదా, సగమే ఎందుకొచ్చింది? ఆ 125లో నెట్‌వర్క్ ఖర్చులు పోను 110 పైన మిగులుతుంది. కానీ తీగకి అటు పక్క ఉన్నది ల్యాప్‌టాప్ సైజు డిస్క్, నిమిషానికి 5400 చుట్లు తిరిగేది. అది నిండే కొద్దీ లోపలి వలయాల మీద చదవాల్సి వస్తుంది, అక్కడ వేగం ఇంకా తగ్గుతుంది. చిన్న చిన్న ఫైళ్లు ఎక్కువుంటే డిస్క్ చదవడం కన్నా వెతకడంలోనే కాలం పోతుంది. పీఎస్5 లోపల ఉన్న ఎస్‌ఎస్‌డీకి ఈ వేగం లెక్కలోకే రాదు.

అంటే ఇప్పుడు హద్దు తీగ దగ్గర లేదు, పాత డిస్క్ దగ్గర ఉంది. దుకాణాల్లో క్యాట్6, క్యాట్7 అని అమ్ముతారు. ఈ పనికి అవి కొన్నందువల్ల ఒక్క నిమిషం కూడా కలిసిరాదు. ఎనిమిది వైర్లూ సరిగ్గా ఉన్న మామూలు క్యాట్5ఇ తీగ 100 మీటర్ల దాకా గిగాబిట్‌ని మోస్తుంది. ఇక్కడ మనకి కావాల్సింది మీటరున్నర.

తమ్ముడి సేవ్‌లు

గేములన్నీ వచ్చాయి. అన్న సేవ్‌లు వచ్చాయి. తమ్ముడి ఫుట్‌బాల్ కెరీర్ రాలేదు.

ట్రాన్స్‌ఫర్ జరిగేది సైన్ ఇన్ అయిన అకౌంట్ పేరు మీద. ఒక్కో విడతకి ఒక్క అకౌంట్ సేవ్‌లే కదులుతాయి. తమ్ముడి యూజర్‌కి అసలు అకౌంటే లేదు కాబట్టి జాబితాలో వాడి సేవ్‌లు కనపడనే లేదు. యూఎస్‌బీలో కాపీ చేసి పీఎస్5లో పెడదామా అని అన్న అన్నాడు. ఆ దారి అకౌంట్ ఉన్నవాళ్లకి బాగానే పనిచేస్తుంది, ప్లస్ సభ్యత్వం కూడా అక్కర్లేదు. కానీ సేవ్ అనేది దాన్ని చేసిన అకౌంట్‌కి ముడిపడి ఉంటుంది. అన్న అకౌంట్ కింద తమ్ముడి సేవ్ తెరుచుకోదు.

కాబట్టి ముందు తమ్ముడికి అకౌంట్ చేయించాలి, ఆపై దాన్ని పీఎస్4లోని వాడి పాత యూజర్‌కే తగిలించాలి. కొత్త యూజర్ సృష్టిస్తే లాభం లేదు, సేవ్‌లు పాతదాని కిందే ఉండిపోతాయి. ఫోన్‌లో అకౌంట్ తెరిపించాను, దేశం ఇండియా అని పెట్టించాను, అది తర్వాత మార్చుకునేది కాదు. పీఎస్4లో వాడి యూజర్‌లోకి వెళ్లి,

```
Settings > Account Management > Sign In
```

దగ్గర కొత్త అకౌంట్‌తో సైన్ ఇన్ చేయించాను. ఇక్కడ బటన్ నొక్కేముందు ఇంకోసారి చూసుకోవాలి. ఒకసారి తగిలించిన యూజర్‌ని తర్వాత వేరే అకౌంట్‌కి మార్చలేం. అందుకే అన్న అకౌంట్‌నే తమ్ముడి యూజర్‌కి పెట్టేద్దామన్న ఆలోచన కూడా వద్దన్నాను.

తర్వాత ఆ యూజర్‌తో గేము ఒకసారి తెరిచి కెరీర్ లోడవుతోందని చూసుకున్నాం. పీఎస్5లో తమ్ముడి అకౌంట్‌తో సైన్ ఇన్ అయి, ట్రాన్స్‌ఫర్ మళ్లీ నడిపాం. ఈసారి సేవ్‌లకి మాత్రమే టిక్కు, గేములు ఎలాగూ వచ్చేశాయి. కొద్ది నిమిషాల్లో అయిపోయింది. గేములు కొన్నది అన్న కాబట్టి, అన్న అకౌంట్‌లో కన్సోల్ షేరింగ్ ఆన్‌లో ఉందో లేదో చూశాను. అది ఆన్‌లో ఉంటే అదే పీఎస్5 మీద తమ్ముడి అకౌంట్‌తో కూడా అన్న గేములు తెరుచుకుంటాయి. తమ్ముడు కెరీర్ తెరిచి, ఆరో సీజన్ మొదటి మ్యాచ్ దగ్గర ఆగి ఉన్నది చూసుకున్నాక గాని నా టీకి చక్కెర వేసుకొచ్చే ధ్యాస రాలేదు వాడికి.

ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే నా క్రమం

తీగ ముట్టుకునేముందే పాత కన్సోల్‌లో యూజర్లెందరు, ఎవరికి అకౌంట్ ఉంది అని అడుగుతాను. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఆడుతుంటే వాళ్లలో ఒకరికి తరచుగా అకౌంట్ ఉండదు. ఆ తర్వాత, ఆటల్లో గెలుచుకున్న ట్రోఫీలు కొత్తదాంట్లోనూ కనపడేలా, పీఎస్4లో ట్రోఫీల స్క్రీన్ మీద ఆప్షన్స్ నొక్కి సర్వర్‌తో సింక్ చేయిస్తాను. దుకాణంలో డిస్కుగా కొన్న గేములు కాపీ అయినా, ఆడాలంటే ఆ డిస్క్ లోపల పెట్టాల్సిందేనని ముందే చెబుతాను. డిస్క్ డ్రైవ్ లేని పీఎస్5 కొనుక్కున్నవాళ్లకి ఇది కాపీ అంతా అయ్యాక తెలిస్తే నా మీద కోపం వస్తుంది. తీగ క్లిప్పులో ఎనిమిది వైర్లున్నాయో లేదో చూసుకుని, వైఫై మీద సైన్ ఇన్ అయి, తీగ నేరుగా పెట్టి, అంచనా స్క్రీన్ దాకా వెళ్తాను. 300 జీబీ చుట్టుపక్కల సరుకుకి రెండు గంటల లోపు చూపిస్తే మొదలుపెట్టేస్తాను. ఎనిమిది చూపిస్తే మధ్యలో 100 ఎక్కడుందో వెతుకుతాను.

పాత డబ్బా అమ్మితే ఎంతొస్తుందని నాన్నగారు అడిగారు. ధర సంగతి తర్వాత, కొత్తదాంట్లో ఒక్కో గేమూ తెరిచి ఇద్దరి సేవ్‌లూ లోడవుతున్నాయని కొన్ని రోజులు ఆడి చూసుకోమన్నాను. అన్నీ సరిగ్గా ఉన్నాయని ఫోన్ చేశాక, పీఎస్4ని అన్న అకౌంట్‌కి ప్రైమరీ కాకుండా డీయాక్టివేట్ చేయించి, ఇనిషియలైజ్‌లో ఫుల్ ఎంచుకోమన్నాను. క్విక్ నిమిషాల్లో అయిపోతుంది గానీ పాత డేటాని పూర్తిగా చెరపదు. ఫుల్‌కి గంటలు పడుతుంది కాబట్టి, దాన్ని కూడా ఇన్వర్టర్ లైను మీదే పెట్టమన్నాను.